17 ఏళ్లకే వెంట్రుకలు రాలుతుంటే: ఎన్ని అని కాదు, ఎంత లావు అని చూడాలి

ప్రశ్న: "నాకు 17 ఏళ్లు. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నా. నెల రోజులుగా తలకు పోసుకుంటే గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయి, దిండు మీద కూడా పడుతున్నాయి. మా నాయనకు 30 దాటకముందే బట్టతల వచ్చింది. నాది మామూలుగా రాలడమా, బట్టతల మొదలైనట్టా? ఫ్రెండ్స్ మినాక్సిడిల్ పూయమంటున్నారు. అమ్మేమో కొండకు పోయి గుండు కొట్టించుకుంటే ఒత్తుగా వస్తుందంటోంది. హాస్టల్ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, దానివల్లేనా?"

సమాధానం:

నేను తిరుపతిలోనే ఇరవై ఏళ్లకు పైగా చర్మవ్యాధుల డాక్టరుగా ఉన్నాను నైనా. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. ఆ వానల వెనకాలే జ్వరాలు. ఆ జ్వరాలు తగ్గి, అందరూ మర్చిపోయాక, సంక్రాంతి ముందూ వెనకా నీ ఈడు పిల్లలు నా దగ్గరికి వరసకడతారు. కూర్చోగానే జేబులోంచి కాగితం పొట్లం ఒకటి తీస్తారు. నోట్‌బుక్ పేజీ చించి మడిచిన పొట్లం. లోపల వెంట్రుకలు.

పోయిన ఏడాది అట్లా వచ్చిన ఒక అబ్బాయి కథ చెబుతాను, నీ ప్రశ్నలో సగం అందులోనే తేలిపోతుంది. చంద్రగిరి వైపు ఊరు, ఇక్కడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేవాడు. తోడుగా వాళ్ల నాయనా, క్లాస్‌మేట్ ఒకడూ వచ్చారు. ఆ క్లాస్‌మేట్ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

పొట్లం విప్పి తెల్లకాగితం మీద పరిచాను. ఒక ఆదివారం తలస్నానంలో రాలినవి, మొత్తం 140 దాకా ఉన్నాయి. ఆ అంకె వినగానే వాడి ముఖం మాడిపోయింది. నాకు మాత్రం ఆ అంకెతో పెద్దగా పనిలేదు. ఎందుకో చిన్న లెక్క చెబుతాను. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది. తర్వాత పెరగడం ఆపేసి, దాదాపు మూడు నెలలు కుదుట్లో ఊరికే కూర్చుంటుంది. ఆ తర్వాత రాలి, అదే కుదుట్లోంచి కొత్తది వస్తుంది. ఏ రోజు చూసినా నూటికి 10 వెంట్రుకలు ఈ విశ్రాంతిలో ఉంటాయి. లక్షలో అది పదివేలు. పదివేలు వంద రోజుల్లో రాలాలంటే రోజుకు వంద. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే అంటాం. నువ్వు మూడు రోజులకోసారి తలకు పోసుకునేవాడివైతే, మూడు రోజులవి చాలావరకు ఆ ఒక్క స్నానంలోనే చేతికొస్తాయి. పైగా క్రాపు పెంచితే అవే వెంట్రుకలు రెండింతలు కనిపిస్తాయి. రెండు సెంటీమీటర్లవి వంద రాలినా బాత్రూం జాలీలోంచి జారిపోతాయి. పది సెంటీమీటర్లవి వంద రాలితే ముద్ద కడతాయి.

కాబట్టి నేను లెక్క పక్కన పెట్టి వెంట్రుకలను చూశాను. నువ్వూ ఇంట్లో చూడగలవు. ఒక వెంట్రుకను వెలుతురుకు పెట్టి రెండు కొసలూ చూడు. ఒక కొసన గుండుసూది తలలా చిన్న తెల్లటి ఉండ కనిపిస్తుంది. దాన్ని చూసి పిల్లలు "వేరుతో సహా వచ్చేసింది సార్" అని హడలిపోతారు. అది వేరు కాదు. విశ్రాంతి పూర్తయిన వెంట్రుక అట్లాగే ఉంటుంది. కుదురు చర్మం లోపల భద్రంగానే ఉంది. ఆ ఉండ అసలే లేకుండా రెండు కొసలూ తెగినట్టుంటే, అది రాలింది కాదు, విరిగింది. దువ్వెనతోనో, హీటరుతోనో, జెల్లుతోనో విరిగిన వెంట్రుకకూ బట్టతలకూ సంబంధం లేదు.

ఇక అసలు చూడాల్సింది లావు. ఆ 140లో దాదాపు అన్నీ ఒకే లావున్నాయి. ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, నల్లగా, బలంగా ఉన్నాయి. నూగులాంటి పొట్టి వెంట్రుకలు ఏరితే నాలుగైదు దొరికాయి, అంతే. అప్పుడు అడిగాను, "దసరా దీపావళి రోజుల్లో ఏమన్నా జ్వరం వచ్చిందా?" అని. వాళ్ల నాయన వెంటనే, "డెంగీ వచ్చింది సార్, వారం పైన ఆసుపత్రిలో ఉన్నాడు, ఆరు కేజీలు తగ్గినాడు. అది పోయి మూడు నెలలైంది కదా, ఇప్పుడు దానికేంది?" అన్నాడు.

అదే దానికి. ఒళ్లు గట్టి దెబ్బ తిన్నప్పుడు, అది డెంగీ గానీ, టైఫాయిడ్ గానీ, ఆపరేషన్ గానీ, తిండి మానేసి బరువు తగ్గడం గానీ, పెరుగుతున్న వెంట్రుకల్లో మామూలుకన్నా చాలా ఎక్కువ ఒక్కసారే పెరగడం ఆపి విశ్రాంతిలోకి పోతాయి. విశ్రాంతి మూడు నెలలని చెప్పాను కదా. కాబట్టి జ్వరమప్పుడు అవి రాలవు. రెండు మూడు నెలలకు అన్నీ కలిసి రాలతాయి. దీన్ని మేం టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. రాలడం ఎప్పుడు మొదలైందో చూసుకుని, అక్కడి నుంచి మూడు నెలలు వెనక్కి పో. క్యాలెండర్లో అక్కడేం జరిగిందో చూడు. జ్వరమే కానక్కర్లేదు. కొత్త హాస్టల్లో అన్నం సహించక రెండు నెలలు సగం కడుపుతో ఉన్నా సరిపోతుంది.

ఇట్లా రాలేది తలంతా రాలుతుంది. చెవుల పైన, వెనకాల మెడ దగ్గర కూడా రాలుతుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. ఓ 60 వెంట్రుకలు వచ్చేలా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టుకుని, కుదురు నుంచి కొస దాకా మెల్లగా, గట్టిగా కాకుండా లాగు. మామూలుగా ఒకటో రెండో వస్తాయి. ఆరు దాటితే అప్పుడు ఎక్కువగా రాలుతున్నట్టు. ఆ అబ్బాయికి నడినెత్తిన ఏడు వచ్చాయి, చెవి పక్కన ఎనిమిది, మెడ వెనక ఏడు. పక్కలూ వెనకా కూడా ఇట్లా వచ్చాయంటే తలంతా రాలుతోందన్నమాట. బట్టతల సాధారణంగా చెవుల పైనా, మెడ దగ్గరా ముట్టుకోదు.

ఇప్పుడు పక్కనున్న క్లాస్‌మేట్ సంగతి. వాడు ఫోన్ మీద వంగినప్పుడు సుడి నా కళ్లబడింది. "నువ్వొకసారి ఇటు రా నైనా" అన్నాను. "నాకేం లేదు సార్, నాకసలు రాలడమే లేదు. వీడికి తోడొచ్చినా" అన్నాడు. నిజమే, వాడికి రాలడం లేదు. లాగి చూస్తే ఒక్కటే వచ్చింది. కానీ లైటున్న భూతద్దం, డెర్మోస్కోప్ అంటాం, అది సుడి మీద పెడితే లావు వెంట్రుక పక్కనే సన్నది, దాని పక్కన నూగు. మెడ దగ్గర పెడితే అన్నీ ఒకే లావు. బట్టతల మొదటి మెట్టు అదే. నూరు వెంట్రుకల్లో 20కి మించి ఇట్లా సన్నబడి కనిపిస్తే మేం దాన్నే అనుమానిస్తాం. మేనమామకు పాతికేళ్లకే నెత్తి పలచబడిందని తర్వాత చెప్పాడు.

పొట్లం కట్టుకుని వచ్చినవాడికి బట్టతల లేదు. తోడొచ్చినవాడికి మొదలైంది. ఇది నా దగ్గర ఎన్నిసార్లు జరిగిందో చెప్పలేను.

దీనికి కారణం తెలిస్తే ఆశ్చర్యముండదు. మన చిత్తూరు వైపు చెరకు వేసేవాళ్లను అడుగు. మొక్క తోట కొట్టాక అదే దుబ్బుల నుంచి కార్శి వస్తుంది. దాన్ని కొట్టాక మళ్లీ కార్శి. దుబ్బు చావదు, కానీ సరిగ్గా చూసుకోకపోతే ఒక్కో కార్శికి గడ సన్నబడుతూ, పొట్టిదవుతూ వస్తుంది. బట్టతలలో కుదురూ అంతే. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్, వంశంలో ఆ గుణమున్నవాళ్ల నుదుటి పైనా సుడి దగ్గరా ఉన్న కుదుళ్లను మెల్లగా కుంచించేస్తుంది. ఐదేళ్లు పెరగాల్సిన వెంట్రుక మూడేళ్లకే ఆగుతుంది, తర్వాతది ఏడాదికి. ఒక్కోసారికి సన్నగా, పొట్టిగా, లేతగా వస్తుంది. రాలే సంఖ్య పెద్దగా పెరగకుండానే తల పలచబడుతుంది. పక్కలా వెనకా ఉన్న కుదుళ్లు ఆ హార్మోన్‌కు లొంగవు, అందుకే ఎంత పెద్ద బట్టతలైనా చుట్టూ వలయం మిగిలేది. నీ ఉప్పునీళ్ల ప్రశ్నకు జవాబు కూడా ఇదే. బోరు నీళ్లే బట్టతల తెచ్చేవైతే నీళ్లు నడినెత్తికీ పడతాయి, చెవుల పక్కనా పడతాయి. చెవుల పక్కవి ఎందుకు మిగులుతాయి? ఆ నీళ్లతో సబ్బు జిడ్డుగట్టి వెంట్రుక గరుకవుతుంది, చిక్కుపడి విరుగుతుంది. అంతకుమించి వాటిమీద నేరం మోపలేం.

మీ నాయన సంగతికి వస్తే, ఆయనకు ఉంది కాబట్టి నీకు వచ్చే అవకాశం ఎక్కువే, కానీ తప్పనిసరి కాదు. తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుందనే మాట కూడా సగం నిజం. ముఖ్యమైన జన్యువు ఒకటి తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నమాట నిజం, కానీ దానితోపాటు రెండు వైపుల నుంచీ వచ్చేవి ఇంకా చాలా ఉన్నాయి. అన్నదమ్ములిద్దరిలో ఒకడికి వచ్చి ఒకడికి రాకపోవడం మనం చూస్తూనే ఉంటాం.

నీ వయసులో ఇంకో తికమక ఉంది, నుదుటి మీద గీత. చిన్నపిల్లల నుదుటి అంచు కిందికి, గుండ్రంగా ఉంటుంది. మీసం గట్టిపడే ఈడులో, 17 నుంచి పాతికేళ్ల లోపల, చాలామంది మగపిల్లలకు ఆ అంచు కొంచెం పైకి జరిగి కణతల దగ్గర చిన్న మూలలు పడతాయి. అద్దం ముందు కనుబొమలు బాగా పైకెత్తు. నుదుటి మీద పడే ముడతల్లో అన్నిటికన్నా పై ముడత చూడు. దానికి ఒక వేలెడు వెడల్పు పైన నీ జుట్టు మొదలైతే, అది పెద్దవాడి నుదురు, బట్టతల కాదు. అంచు ఆగకుండా అంతకన్నా లోపలికి పోతూ, ఖాళీ అయిన మూలల్లో నూగు వెంట్రుకలు మిగిలితే అప్పుడు ఆలోచించాలి. టెన్త్ హాల్‌టికెట్ ఫోటోతో పోల్చి కంగారుపడే పిల్లలున్నారు. అప్పటికీ ఇప్పటికీ కొంత తేడా ఉండాల్సిందే.

వచ్చే ఆదివారం ఒక పని చెయ్యి. బుధవారం నుంచి షాంపూ పెట్టకు. ఆదివారం తలకు పోసుకునేటప్పుడు జాలీ మీద పలచటి తెల్లగుడ్డ వేసి, రాలినవన్నీ ఆరబెట్టి, తెల్లకాగితం మీద పరుచు. లావుపాటివి ఒక పక్క, మూడు సెంటీమీటర్లకన్నా పొట్టిగా, సన్నగా ఉన్నవి ఒక పక్క పెట్టు. ఒక్కటి గుర్తుపెట్టుకో, క్రాపు చేయించుకున్నవాడికి పొట్టివన్నీ సన్నవి కావు. కొస చూడాలి. కత్తెర పడిన కొస మొద్దుగా, అడ్డంగా తెగినట్టు ఉంటుంది. కత్తెర ఎప్పుడూ తగలని వెంట్రుక కొస సూదిమొనలా సన్నగా ముగుస్తుంది. పొట్టిగా, సన్నగా, సూదికొసతో, కింద తెల్లటి ఉండతో ఉన్నది రాలిందంటే, అది పెద్దగా పెరగకుండానే ఆయువు తీరిన వెంట్రుక. అట్లాంటివి పదింట ఒకటికి మించి ఉంటే బట్టతల వైపు చూడాలి. అన్నీ లావుపాటివే, సంఖ్య మాత్రం బాగా ఎక్కువ అంటే మూణ్ణెల్ల కిందటి దెబ్బ కోసం వెతకాలి. రెండూ కలిసి ఉండటమూ ఉంది. జ్వరం వల్ల రాలడంతో లోపల దాగున్న బట్టతల బయటపడిన పిల్లల్ని చూశాను. అందుకే ఇంటి పరీక్షతో సగమే తేలుతుంది, మిగతా సగం భూతద్దం కింద.

అద్దాన్ని మాత్రం నమ్మకు. తడి తల, పైనుంచి పడే ట్యూబ్‌లైటు, ఈ రెండింటి కింద నా తలే కాదు, ఎవరి తలైనా పలచగానే కనిపిస్తుంది. పొడి జుట్టుతో, ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరంలో, సుడిది ఒకటి, నుదుటిది ఒకటి ఫోటో తీయించుకో. మూడు నెలలకోసారి చాలు. రోజూ తీసుకుంటే తేడా తెలియదు, నిద్ర మాత్రం పోతుంది.

మినాక్సిడిల్ సంగతి. తలకు పూసే ఆ మందు 18 ఏళ్లు నిండినవాళ్లకని దాని మీదే రాసి ఉంటుంది. అవసరమనిపిస్తే డాక్టర్లు తల్లిదండ్రులతో మాట్లాడి కొంచెం ముందే మొదలుపెట్టడం ఉంది, కానీ అది చూసి, తేల్చుకుని, గుర్తుపెట్టుకుని చేసే పని. నీకు నీవే పూస్తే రెండు చిక్కులు. మొదటి రెండు నెలల్లో ఆ మందే కొన్ని పాత వెంట్రుకలను తోసేస్తుంది, ఇంకా ఎక్కువ రాలుతుంది, నువ్వు బెదిరిపోతావు. రెండోది, నీది జ్వరం వల్ల రాలడమే అయితే ఆరు నెలల్లో అది తనంతట తానే తగ్గుతుంది. నువ్వేమో మందు వల్ల తగ్గిందనుకుని, మానితే మళ్లీ పోతాయని ఏళ్లతరబడి కొంటూ ఉంటావు. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడి చేత ఒక హెయిర్ క్లినిక్ వాళ్లు ఆరు నెలల ప్యాకేజీ కట్టించుకున్నారు, సూదులూ సీరమ్‌లూ అన్నీ కలిపి. తీరా చూస్తే టైఫాయిడ్ వెళ్లి మూడు నెలలైందంతే. ఫినాస్టిరైడ్ అనే మాత్ర మాత్రం ఈ వయసులో ముట్టుకోవద్దు. అది డీహెచ్‌టీని తగ్గించే మందు. నీ ఒళ్లు ఇంకా ఎదుగుతోంది.

అమ్మ చెప్పిన గుండు గురించి. మొక్కు ఉంటే కొండకు పోయి హాయిగా తలనీలాలు ఇచ్చి రా, జుట్టుకు నష్టమేమీ లేదు. ఒత్తుగా మాత్రం రాదు. కత్తి చర్మం పైనున్న వెంట్రుకనే కోస్తుంది, కుదురు లోపల కొన్ని మిల్లీమీటర్ల కింద ఉంది. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి మొలిచేటప్పుడు చేతికి గరుగ్గా, లావుగా తగులుతుంది. "గుండు కొట్టించినాక రాలడం ఆగిపోయింది సార్" అనేవాళ్లూ ఉన్నారు. ఆగలేదు. అర సెంటీమీటరు వెంట్రుక రాలితే ఎవరి కళ్లకూ ఆనదు. నెలలు గడిచేసరికి అది తనకుతానే తగ్గుతుంది, పేరు గుండుకొస్తుంది. నీ విషయంలో నాకు ఒక్కటే ఇబ్బంది: గుండు చేయించుకుని వస్తే పైన చెప్పిన సూదికొస పరీక్ష కొన్నాళ్లు పనికిరాదు. చూపించుకున్నాకే వెళ్లు.

ఆ ఇద్దరు పిల్లల సంగతి చెప్పేస్తాను. డెంగీ వచ్చినవాడికి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ పర్వాలేదు, ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ మాత్రం 18 ఉంది. తక్కువే. మూడు నెలలు ఐరన్ మాత్ర ఇచ్చి, అన్నం గుడ్డు పప్పు సరిగ్గా తినమన్నాను. తలకు ఏమీ రాయలేదు. మార్చికి రాలడం తగ్గుముఖం పట్టింది. మే నెలలో వచ్చినప్పుడు నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, అన్నీ సూదికొసలవే, కానీ లావుపాటివి. కొత్తగా మొలిచేవి అట్లా ఉంటాయి. నెలకు ఒక సెంటీమీటరే పెరుగుతాయి కాబట్టి పాత క్రాపు కనపడటానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. తోడొచ్చినవాడికి మూడు నెలలకోసారి ఫోటోలు తీస్తూ వచ్చాం. 18 నిండాక వాళ్ల అమ్మానాన్నలను కూర్చోబెట్టి మాట్లాడి మినాక్సిడిల్ మొదలుపెట్టాం. వాడికి ముందే చెప్పాను, ఇది వాడినంతకాలమే పనిచేస్తుంది, ఉన్నవాటిని నిలబెట్టడమే పెద్ద గెలుపని. జుట్టు నాటించుకుంటానన్నాడు. ఇప్పుడే వద్దన్నాను. నుదుటి వైపు నాటించుకున్న తర్వాత వాటి వెనకున్నవి రాలిపోతే, నాటినవి మాత్రం దీవిలా మిగులుతాయి. బట్టతల ఎంతవరకు పోతుందో తెలిసే వయసు రావాలి.

నువ్వు ఆగకుండా చూపించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ పడి అక్కడ వెంట్రుకలు మొత్తం పోతే అది పేనుకొరుకుడు, పేలకూ దానికీ సంబంధం లేదు, బట్టతల అంతకన్నా కాదు. త్వరగా చూపిస్తే మందులున్నాయి. పొట్టు రేగుతూ, దురదపెడుతూ, నల్లచుక్కల్లా వెంట్రుకలు విరిగిపోతుంటే తామర కావచ్చు. ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోయినా రావాలి.

తిరుపతిలో రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, చిత్తూరు వైపైతే అక్కడి జిల్లా ఆసుపత్రిలో అడుగు. వెళ్లేరోజు తలకు నూనె పెట్టుకోవద్దు, జెల్లు వద్దు, ముందురోజు షాంపూ కూడా వద్దు. ఆదివారం ఏరిన పొట్లం తీసుకుపో. గత ఆరు నెలల జ్వరాల చీటీలుంటే అవీ. ఎవరన్నా చెప్పారని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తపరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపెయ్యి, డాక్టరుకూ చెప్పు. అది థైరాయిడ్ పరీక్ష అంకెలను తారుమారు చేస్తుంది. లేని జబ్బుకు మందు రాయించుకున్నవాళ్లున్నారు.